బ్రాంచి నుంచి అంబుడ్స్‌మన్ దాకా: మా అమ్మాయికి రాసిన ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. మూడో తారీఖున వేరే బ్యాంకు ఏటీఎంలో కార్డు పెడితే నోట్లు రాలేదు, ఖాతాలో మాత్రం 10,000 రూపాయలు కట్ అయ్యాయి. బ్రాంచికి వెళ్లి అడిగితే "వచ్చేస్తాయి, కొంచెం ఆగండి" అన్నారు. ఇక ఆగొద్దమ్మా. నోటితో చెప్పింది ఫిర్యాదు కింద లెక్కకు రాదు. కౌంటర్ వెనక పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, కాగితం మీద లేని మాట ఆ సాయంత్రానికే మర్చిపోతారు.

ముందు రూలు తెలుసుకో. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో కట్ అయితే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా బ్యాంకు తనంతట తానే తిరిగి జమ చేయాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. నీ విషయంలో గడువు ఎనిమిదో తారీఖుతో అయిపోయింది. ఒకవేళ 28న డబ్బు పడితే, 20 రోజుల ఆలస్యానికి 2,000 రూపాయలు అదనంగా రావాలి. అడగకపోయినా ఇవ్వాల్సిందే, కానీ అసలు మాత్రమే వేసి ఊరుకోవడం జరుగుతుంటుంది. అందుకే ఫిర్యాదులోనే రెండూ అడుగు.

ఏటీఎం ఎవరిదైనా, ఫిర్యాదు నీ కార్డు ఇచ్చిన బ్యాంకుకే చేయాలి. ఆ ఏటీఎం బ్యాంకు చుట్టూ తిరగకు.

బ్రాంచి మేనేజరు పేరున ఒక పేజీ రాయి. ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు, తేదీ, సమయం, స్లిప్పు మీదున్న ఏటీఎం ఐడీ, లావాదేవీ నంబరు, మొత్తం. స్లిప్పు రాకపోతే ఎస్సెమ్మెస్ స్క్రీన్‌షాట్ చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు, సంతకం వేయించుకో. అదే రోజు బ్యాంకు వెబ్‌సైట్‌లో కూడా నమోదు చేసి ఫిర్యాదు నంబరు దాచుకో. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు, దొంగ నంబర్లు ఉంటాయి. కార్డు వెనక ఉన్నదే వాడు. ఓటీపీ, పిన్ అడిగితే ఫోన్ పెట్టేయి.

"లావాదేవీ సక్సెస్ అయింది" అని ఒక్క ముక్కలో జవాబు రావచ్చు. దానితో అయిపోయిందనుకోకు. నోట్లు బయటికి వచ్చాయో లేదో మెషిన్ తనలోని జర్నల్ లాగ్‌లో రాసుకుంటుంది. పైగా ఏటీఎంలో క్యాష్ లెక్క చూసినప్పుడు, రాని నోట్లు మిగులుగా తేలాలి. కాబట్టి జర్నల్ లాగ్, ఆ రోజు క్యాష్ మిగులు రిపోర్టు, సీసీటీవీ ఫుటేజీ చూసి జవాబివ్వమని రాతపూర్వకంగా అడుగు. ఫుటేజీని ఎక్కువ కాలం ఉంచరు, అందుకే ఈ మాట మొదటి ఫిర్యాదులోనే ఉండాలి.

వారం పది రోజుల్లో కదలిక లేకపోతే, బ్యాంకులో ఫిర్యాదులు చూసే పై అధికారి అయిన నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టు. ఆయన వివరాలు బ్రాంచి నోటీసు బోర్డు మీద, బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటాయి. కథ మళ్లీ మొదటి నుంచీ రాయకు. పాత ఫిర్యాదు నంబరు, తేదీ పైన వేసి, ఇచ్చిన జవాబు ఎందుకు సరిపోలేదో నాలుగు వాక్యాల్లో చెప్పు.

అక్కడా పని కాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి అంబుడ్స్‌మన్ ఉన్నారు. దానికి ముందు, జవాబివ్వడానికి బ్యాంకుకు 30 రోజుల గడువు ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. నోడల్ ఆఫీసర్‌కి రాసినప్పటి నుంచి మళ్లీ 30 రోజులు లెక్కపెడతారు. అక్కర్లేదు. నీ మొదటి రాతపూర్వక ఫిర్యాదు బ్యాంకుకు అందిన రోజు నుంచే ఆ 30 రోజులు. ఆలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అంతకంటే ముందే వెళితే మాత్రం విచారణ లేకుండానే మూసేస్తారు. అక్కడా గడువు ఉంటుంది కాబట్టి, వీలు కాగానే వెంటనే వెళ్లు.

దరఖాస్తు cms.rbi.org.in లో పెట్టాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బ్యాంకుకు ఫిర్యాదు చేసిన తేదీ అడుగుతుంది, అక్కడ స్టాంపు పడ్డ కాగితం తేదీనే వేసి, దాని స్కాన్ జతచెయ్యి. బ్యాంకు జవాబు, నోడల్ మెయిల్ కూడా పెట్టు. ఏం కావాలన్న చోట "న్యాయం" అని రాయొద్దు. "10,000 రూపాయలు, తొమ్మిదో తారీఖు నుంచి జమ అయ్యే రోజు వరకు రోజుకు 100" అని రాయి. ఇదే గొడవ మీద కోర్టులో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ఎవరైనా ముందే కేసు వేయమంటే తొందరపడకు. సందేహం ఉంటే 14448కి ఫోన్ చేయి.

బ్రాంచికి ఇచ్చే కాగితం రాసి, ఇచ్చే ముందు ఫొటో తీసి నాకు పంపు. తేదీలు ఒకసారి చూసి చెబుతాను.

మీ పెదనాన్న