రెండు అర్రేలు వరుసగా చదివినా ప్రతిసారీ మిస్ ఎందుకు?

"డైరెక్ట్ మ్యాప్డ్ క్యాష్ 8 కేబీ, లైన్ 64 బైట్లు. డబుల్ అర్రేలు a, b వరుసగానే చదువుతున్నా, ప్రతి యాక్సెస్ మిస్ అవుతోంది. ప్రీఫెచ్ పెట్టాలా, విక్టిమ్ క్యాష్ పెట్టాలా?"

```c
s += a[i] * b[i];
```

ముందు విక్టిమ్ క్యాష్ పెట్టండి. a, b మొదలయ్యే అడ్రస్‌ల తేడా 8192కి గుణిజమై ఉంటుంది. అప్పుడు a[i], b[i] రెండూ ఒకే సెట్‌లో పడి, ఒకదాన్నొకటి తోసేస్తాయి. లైన్‌లో 8 డబుల్స్ ఉన్నా, 8 ఇటరేషన్లకు 16 మిస్సులు వస్తాయి. bని 64 బైట్లు జరిపి చూడండి, మిస్సులు ఒక్కసారిగా తగ్గితే కారణం ఇదే.

విక్టిమ్ క్యాష్‌లో నాలుగు లైన్లున్నా చాలు. బయటికి పోయిన లైన్ అక్కడ దొరుకుతుంది, రెండూ చోటు మార్చుకుంటాయి. మెమరీ దాకా వెళ్లే మిస్సులు 16 నుంచి 2కి దిగుతాయి.

ఆ రెండూ కొత్త లైన్‌ను తొలిసారి తాకినప్పటివి. వాటికి విక్టిమ్ క్యాష్ పనికిరాదు, ప్రీఫెచ్ కావాలి. మెమరీకి 200 సైకిళ్లు, ఒక ఇటరేషన్‌కు 5 సైకిళ్లు అనుకుంటే 40 ఇటరేషన్లు, అంటే 5 లైన్లు ముందుగా అడగాలి. అయితే ఆ లైన్లను నేరుగా ఈ క్యాష్‌లోకే తెస్తే, అవి కూడా జంటజంటగా ఒకే సెట్‌లో కొట్టుకుంటాయి. అందుకే వాటిని విడిగా స్ట్రీమ్ బఫర్లలో, అర్రేకొకటి చొప్పున ఉంచడం నయం.