గోడకు ఆనుకోవద్దు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో చూశాను. దరఖాస్తు ఎందుకు వెనక్కి వచ్చిందో చూడగానే తెలిసిపోయింది. ముఖం చక్కగా వచ్చింది, కళ్లు స్పష్టంగా ఉన్నాయి, తల నిటారుగానే ఉంది. తప్పంతా వెనక గోడది. చెవి పక్కన, భుజం పైన, నల్లటి అంచు ఒకటి కనిపిస్తోంది చూడు, ఎవరో పెన్సిలుతో గీసినట్టు. అది నీ నీడే. గోడకు వీపు ఆనించి నిలబడి, ఫ్లాష్ వేసి తీయించుకుని ఉంటావు. ఇక గోడేమో ఒక పక్క వెలుగ్గా, రెండో పక్క మసగ్గా ఉంది. అంటే కిటికీ నీకు పక్కగా ఉందన్నమాట.

స్టూడియోలో ముప్పయ్యేళ్లు ఎక్కువగా ఈ ఫోటోలే తీశాను కాబట్టి చెబుతున్నాను. మంచి గోడ కోసం వెతుక్కోకు. ఉన్న గోడకు దూరంగా జరిగి, కిటికీకి ఎదురుగా కూర్చో. సగం పని అక్కడే అయిపోతుంది.

గోడకు ఆనుకుంటే నీడ పడడానికి వేరే చోటుండదు, తల పక్కనే పడుతుంది. నాలుగడుగులు ముందుకు వచ్చావనుకో, అదే నీడ కిందికో పక్కకో పోయి ఫోటోలోకి రాదు. వచ్చినా అంచులు కరిగిపోయి తెలియనంత పలచబడుతుంది. గోడ మీది చిన్న చిన్న గరుకులు, మేకు కన్నాలు కూడా కొంత మసకబారతాయి. గదిలో అంత చోటు లేకపోతే మూడడుగులైనా ఉండాలి, అంతకు తగ్గించకు.

అంత దూరం జరిగితే గోడ మీదున్న క్యాలెండరూ స్విచ్ బోర్డూ అన్నీ ఫోటోలో పడతాయేమోనని భయపడకు. ఒక లెక్క చెబుతాను. 35 × 45 మిల్లీమీటర్ల ఫోటోనే తీసుకుందాం. అందులో ఎత్తులో ముప్పాతిక వంతు తలే ఉంటుంది. మనిషి తల సుమారు తొమ్మిది అంగుళాలు కాబట్టి, నువ్వు కూర్చున్న చోట ఫోటోలో పట్టేది అడుగు ఎత్తు మేరే. ఫోన్ నీకు అయిదడుగుల దూరంలో, గోడ నీ వెనక నాలుగడుగుల దూరంలో ఉంటే, ఆ గోడ మీద కనిపించే ముక్క ఎత్తు రెండడుగులకు కాస్త తక్కువ, వెడల్పు అడుగున్నర లోపు. నీకు కావలసింది గోడంతా కాదు, ఆ కాస్త ముక్క. అది శుభ్రంగా, ఒకే రంగులో ఉంటే చాలు. అదే ఫోన్‌ని మూడడుగులకు దగ్గర చేస్తే వెనక ఇంకా ఎక్కువ గోడ కనిపిస్తుంది, పైగా ముక్కు పెద్దదై ముఖం మారిపోతుంది. అందుకే ఫోన్ అయిదడుగులకు తక్కువ కాకుండా పెట్టి, జూమ్ చేయి.

ఇప్పుడు వెలుతురు. కిటికీ నీకు ఎదురుగా, గోడ నీ వెనక ఉండాలి. అప్పుడు వెలుగు నీ ముఖం మీదా, నిన్ను దాటి గోడ మీదా సూటిగా పడుతుంది. పక్క నుంచి పడితే గోడ ఒక వైపే వెలుగుతుంది, సున్నంలో ప్రతి గరుకూ లేచి కనిపిస్తుంది. ఎండ నేరుగా గదిలోకి పడుతుంటే పలచటి తెల్ల పరదా వేయి, లేదా ఎండ తిరిగేదాకా ఆగు. ట్యూబ్‌లైటూ బల్బులూ అన్నీ ఆర్పేయి. వాటి రంగు వేరు, పగటి వెలుగు రంగు వేరు. రెండూ కలిస్తే గోడ పైభాగం పసుపుగా, కింద నీలంగా వస్తుంది. ఫ్లాష్ జోలికి మాత్రం వెళ్లకు.

చాలామంది ఇక్కడే పొరపడతారు: గోడకు దూరం కావాలని కిటికీకి మరీ దగ్గరగా జరుగుతారు. అప్పుడు ముఖం మీద వెలుగు ఎక్కువై, గోడకు చేరేసరికి తగ్గిపోతుంది. తెల్లగోడ ఫోటోలో మబ్బు రంగులో వస్తుంది. పదడుగుల గది అయితే కిటికీ నుంచి ఆరడుగుల దగ్గర, వెనక ఆసరా లేని స్టూల్ మీద కూర్చో. కుర్చీ అయితే దాని వీపు భుజాల పక్కన కనిపిస్తుంది. ఫోన్‌ని కిటికీకి ఒక అడుగు ఇవతల, నీ కళ్ల ఎత్తులో ఏదైనా ఆసరా మీద నిలబెట్టి టైమర్ పెట్టు. మనిషి పట్టుకుని తీస్తే ఆ మనిషే కిటికీకి అడ్డమై గోడ మీద చీకటి మరక పడవచ్చు.

గోడ తెల్లగా లేదు, లేత పసుపు రంగుది అన్నావు. లేత రంగు ఏదైనా పర్వాలేదన్నారో, తెలుపే కావాలన్నారో ముందు దరఖాస్తు నియమాల్లో చూడు. తెలుపే అయితే ఒక పెద్ద తెల్ల చార్టు కొని, సరిగ్గా నీ తల వెనక పడేలా గోడకు అంటించు. మనం లెక్కగట్టిన ముక్కకు అదొక్కటి సరిపోతుంది. రెండు కలిపి అంటిస్తే మధ్య అతుకు కనిపిస్తుంది. దుప్పటి కన్నా చార్టే నయం. దుప్పటి ఎంత ఇస్త్రీ చేసినా మడత గీతలు మిగులుతాయి, పలచటిదైతే వెనక గోడ రంగు తొంగిచూస్తుంది.

ఫోటో తీసే ముందు ఇంట్లో ఎవరినైనా ఫోన్ తెర మీద నీ ముఖాన్ని తాకమను. తెలుపు ఎక్కువగా ఉన్న ఫ్రేమును ఫోన్ తనంతట తానే మసక చేసేస్తుంది. ముఖాన్ని తాకాక పక్కన సూర్యుడి గుర్తు వస్తే దాన్ని కొద్దిగా పైకి జరపాలి. కొద్దిగానే. కొత్తలో నేనొక తప్పు చేశాను. తెల్లజుట్టు పెద్దాయన ఒకరు వచ్చారు. వెనక తెల్లతెర మీద నీడ కనిపించకూడదని వెలుగు విపరీతంగా పెంచాను. తెర మెరిసిపోయింది గానీ ఆయన జుట్టు అంచు అందులో కలిసిపోయి, తల ఎక్కడ అయిపోయిందో తెలియలేదు. ఫోటో తిరిగొచ్చింది, ఆయన మళ్లీ శ్రమపడి రావలసి వచ్చింది. ఆ బాధ నాకింకా గుర్తుంది. అందుకే తెల్లచొక్కా కూడా వేసుకోకు, ముదురు రంగుది వేసుకో. చెవులూ జుట్టూ గోడ నుంచి విడిగా కనిపించాలి.

పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయి. వెనకభాగాన్ని చెరిపి తెల్లరంగు పూసే యాప్‌లు కూడా వద్దు. అవి జుట్టు పోగులనూ చెవి అంచులనూ కత్తిరించేస్తాయి. ఫోటోను మార్చకూడదని చాలా చోట్ల నియమం కూడా ఉంటుంది.

తీశాక ఒక్క పరీక్ష చేయి. ఫోన్‌లోనే ఎడిట్ తెరిచి కాంట్రాస్ట్‌ను పూర్తిగా పెంచు. మామూలుగా కంటికి ఆనని నీడలూ మరకలూ అప్పుడు బయటపడతాయి. నాలుగు మూలలూ ఇంచుమించు ఒకేలా ఉండి, తల చుట్టూ నల్లటి అంచు లేకపోతే బాగా వచ్చినట్టే. ఒక పక్క ముదురుగా ఉంటే స్టూల్‌నీ ఫోన్‌నీ కలిపి కాస్త కిటికీ మధ్యకు జరిపి మళ్లీ తీయి. గోడంతా ముదురుగా ఉంటే కిటికీ నుంచి ఇంకో అడుగు వెనక్కి జరుగు. ఈ పరీక్ష చూడటానికి మాత్రమే, దాన్ని సేవ్ చేయకుండా వెనక్కి వచ్చేయి.

రేపు పదింటికి వెలుతురు బాగుంటే తీసి, కత్తిరించకుండా నాకు పంపు. దరఖాస్తు పెట్టేముందు నేనొకసారి చూస్తాను.

మీ పెద్దనాన్న