చికెన్ నీళ్ళు పెరుగులో కారితే... ఫ్రిజ్‌లో ఏది ఏ అరలో?

ప్రశ్న: సార్, మాది తిరుపతి. మాది సింగిల్ డోర్ ఫ్రిజ్. ఆదివారం తెచ్చిన చికెన్‌లో సగం కవర్‌తోనే ఫ్రీజర్ కింద ట్రేలో పెట్టినాను. సోమవారం చూస్తే కింది అరలో పెరుగు గిన్నెలోకి ఎర్రగా నీళ్ళు కారినాయి. అప్పటికే మా ఆరేళ్ళ బాబు ఆ పెరుగుతో అన్నం తినేసినాడు. మిగిలిన పెరుగు పైపైన తీసేసి వాడుకోవచ్చా? ఏది ఏ అరలో పెట్టాలో చెప్పండి.
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ పెరుగు మొత్తం పారబోసేయండమ్మా, పైపైన తీస్తే సరిపోదు, ఎందుకంటే కారిన నీళ్ళు పెరుగులోపలికి దిగిపోయుంటాయి, కంటికి తెలీదు, వాసన కూడా మారదు. పచ్చి చికెన్ నీళ్ళల్లో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా ఉండొచ్చు. చికెన్‌ని ఎలాగూ ఉడికిస్తాం కాబట్టి అందులో ఉన్నవి చచ్చిపోతాయి, కానీ పెరుగుని, చెనిక్కాయల చట్నీని, కోసిన దోసకాయని ఎవరూ మళ్ళీ ఉడకబెట్టరు కదా, అందుకే ప్రమాదమంతా వీటితోనే.

బాబు తిన్నాడని కంగారు పడొద్దు, తిన్న ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల లోపల, కాంపైలోబాక్టర్ అయితే మామూలుగా రెండు నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది, కాబట్టి ఒక వారం గమనించండి. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు అని రాసుంటే అన్ని కాచి చల్లార్చిన నీళ్ళల్లో కలిపి కొద్దికొద్దిగా తాపండి, మెడికల్ షాపులో అడిగి యాంటిబయాటిక్ మాత్రం వేయొద్దు. విరేచనంలో రక్తం పడినా, 102 దాటి జ్వరమొచ్చినా, వాంతులతో ఏమీ నిలవకపోయినా, పిల్లోడు మూత్రం తక్కువగా పోస్తున్నా, మందగా పడుకుండిపోయినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

ఇంక ఫ్రిజ్ సంగతి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఒక తిరకాసు ఉంది. ఫ్రీజర్ కింద ట్రేనే బాగా చల్లగా ఉంటుంది, అందుకే అందరం మాంసం అక్కడే పెడతాం, కానీ అక్కడ నుంచి ఏది కారినా కింద ఉన్న ప్రతి అర మీదా పడుతుంది. పైగా డీఫ్రాస్ట్ బటన్ నొక్కినప్పుడు ఐసు కరిగిన నీళ్ళు చాలా ఫ్రిజ్‌లలో ఆ ట్రేలోకే దిగుతాయి, కరెంటు ఎక్కువసేపు పోయినా అంతే, అప్పుడు చికెన్ నీళ్ళు వాటితో కలిసి పొంగి కిందికొస్తాయి. మీ ఇంట్లో కూడా బహుశా ఇదే జరిగుంటుంది, లేదా షాపోడు ఇచ్చిన కవర్‌కి ఎముక గుచ్చుకుని చిల్లి పడుంటుంది.

కాబట్టి పచ్చి మాంసం, చేపలు అన్నిటికంటే కింది అరలో, కూరగాయల ట్రే పైనున్న అద్దం పలక మీద పెట్టండి. కవర్‌తో కాదు, గట్టి మూతున్న స్టీల్ డబ్బాలో, అదీ నిండుగా కాకుండా. ఆ డబ్బా కింద ఒక పళ్ళెం పెట్టండి, లేకపోతే పలక అంచు నుంచి కారి కింద కొత్తిమీర మీద పడుతుంది. మసాలా పట్టించిన చికెన్ కూడా పచ్చిదే, దాన్ని వండిన కూరల పక్కన పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. కింది అర కొంచెం వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ ఒక్క రోజుకి మించి ఉంచొద్దు, అంతకంటే ఆలస్యంగా వండేదుంటే తెచ్చిన రోజే డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో వేసేయండి. ఫ్రీజర్‌లో పెడితే బాక్టీరియా చచ్చిపోదు, పెరగకుండా ఆగుతుంది అంతే, అందుకే బయటికి తీసి కరగబెట్టేటప్పుడు కూడా గిన్నెలో పెట్టి ఇదే కింది అరలో ఉంచాలి.

వండిన పులుసు, పప్పు, చట్నీలు పై అరలో మూతలతో పెట్టండి, మూడు నాలుగు రోజులకు మించి వద్దు. పాలు, పెరుగు మధ్య అరలో వెనకవైపు. డోర్‌లో పాల ప్యాకెట్ పెట్టడం నాకు నచ్చదు, మన తిరుపతి ఎండల్లో డోర్ తీసినప్పుడల్లా వేడిగాలి ముందు దానికే తగులుతుంది, అక్కడ నీళ్ళ సీసాలు, ఊరగాయలు పెట్టుకోండి చాలు. చల్లదనం సరిపోతోందా అని చూడాలంటే మధ్య అరలో గ్లాసు నీళ్ళల్లో థర్మామీటర్ (జ్వరం చూసేది కాదు, ఫ్రిజ్‌కి వాడేది) రాత్రంతా ఉంచి పొద్దున చూడండి, నాలుగు డిగ్రీల సెల్సియస్ గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి.

ఈ రోజే ట్రే, కింది అరలు అన్నీ బయటికి తీసి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి, డోర్ రబ్బరు మడతల్లో కూడా తుడవండి. ఆ అరలో ఉన్న గిన్నెల్లో మూత సరిగ్గా ఉన్నవాటికి పైన కడిగేస్తే చాలు, మూత లేనివి పారేయండి. తుడిచిన గుడ్డని మళ్ళీ స్టవ్ గట్టు తుడవడానికి వాడొద్దు.