ఎకో క్లబ్ స్లైడ్లలో లీటర్ల లెక్క కలవడం లేదు

"తిరుపతిలో మా స్కూల్ ఎకో క్లబ్‌కి నీటి పొదుపు మీద క్యారౌసెల్ చేస్తున్నాం. బ్రష్ చేసేటప్పుడు కుళాయి కట్టేస్తే ఎంత మిగిలిందో పిల్లలు రాశారు. ఒకరిది 5 లీటర్లు, ఇంకొకరిది 60. ఏది వేయాలి?"

పిల్లలు కుళాయి వేగాన్ని అంచనాగా రాసి ఉంటారు. ఈ రెండూ వేయకండి, మళ్లీ కొలిపించండి.

1. లీటరు బాటిల్ కుళాయి కింద పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో చూడాలి. 10 సెకన్లు పడితే నిమిషానికి 6 లీటర్లు.

2. చాలామంది వదిలేసేది ఇదే: కుళాయిని పూర్తిగా తిప్పి కొలవకూడదు. రోజూ బ్రష్ చేసేటప్పుడు ఎంత తిప్పుతారో అంతే తిప్పాలి. పైన ట్యాంకు నిండుగా ఉంటే ధార జోరుగా వస్తుంది, అడుగంటితే సన్నబడుతుంది. అందుకే మూడు రోజులు, బ్రష్ చేసే వేళకే కొలిచి సగటు తీయండి. అలవాటు మార్చకముందే ఇది అయిపోవాలి. తర్వాత కొలిస్తే పోల్చడానికి పాత లెక్క ఉండదు.

3. కుళాయి తెరిచి ఉంచే సమయం 2 నిమిషాలైతే 12 లీటర్లు. మగ్గుతో 1 లీటరు సరిపోతే మిగిలింది 11. నలుగురున్న ఇంట్లో రోజుకు 44 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు దాదాపు మూడు. స్లైడ్ మీద బిందెల బొమ్మలే వేయండి, అమ్మలకు వెంటనే అర్థమవుతుంది.

4. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకు పోస్తే, ఆ మేరకు కుళాయి నీళ్లు పోయడం మానితేనే పొదుపులో కలపండి.