ఫీజు కట్టక ఆగిపోయిన పేటెంట్: వాడుకోవచ్చా?

> "పండ్లు తొందరగా పాడవకుండా వేసే పూత మీద ఒక అమెరికా పేటెంట్ దొరికింది. గూగుల్ పేటెంట్స్‌లో Expired - Fee Related అని ఉంది. ఇక చిన్నగా తయారీ మొదలుపెట్టొచ్చా?"

అప్పుడే కాదు. ఆ మాట అమెరికా పేటెంట్ ఒక్కదాని గురించే. పైగా అది గూగుల్ అంచనా, చట్టపరమైన నిర్ధారణ కాదు. అమెరికాలో మంజూరైన 3.5, 7.5, 11.5 ఏళ్లకు ఫీజు కట్టాలి, ఆపైన 6 నెలల గడువుంటుంది. అదీ దాటాక కూడా, కావాలని మానలేదని చూపి యజమాని పునరుద్ధరణ కోరవచ్చు. కాబట్టి నిన్నమొన్న ఆగిపోయినదైతే కాస్త ఆగండి.

1. యూరప్ పేటెంట్ ఆఫీసు నడిపే ఎస్పాసెనెట్ సైట్‌లో అదే నంబర్ కొట్టి, ఆ ఆవిష్కరణకు వేర్వేరు దేశాల్లో ఉన్న పేటెంట్లు చూపే Patent family తెరవండి. మీరు తయారుచేసే దేశంలో, అమ్మే దేశంలో అదే పేటెంట్ బతికి ఉందేమో చూడండి. ఉంటే ఆ దేశపు పేటెంట్ ఆఫీసు రిజిస్టర్‌లో ఖాయం చేసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: గూగుల్ పేజీలో కిందికి వెళ్లి, దీన్ని ప్రస్తావించిన తర్వాతి పేటెంట్ల జాబితా Cited By చూడండి. పాత పేటెంట్ మైనం, నీళ్ల మిశ్రమం గురించి అనుకుందాం. అది చల్లగా ఉంటే పగుళ్లిస్తుందని తర్వాత ఎవరో గ్లిజరాల్ కలిపి కొత్త పేటెంట్ తీసుకుని ఉండొచ్చు. మీరూ పగుళ్లు ఆపడానికి అదే కలిపితే కొత్తదాని పరిధిలోకి వెళ్తారు. అందుకే ఆ కొత్త పేటెంట్ సారాంశం కాదు, హక్కు ఎంతవరకో చెప్పే Claim 1 చదవండి. అందులోని ప్రతి అంశమూ మీ మిశ్రమంలో ఉంటేనే చిక్కు. ఒక్కటి లేకపోయినా సాధారణంగా ఆ క్లెయిమ్ మీకు తగలదు.

3. ఈ రెండూ దాటితే పాత పేటెంట్‌లోని Examples ప్రకారం, అవే పాళ్లతో కొద్దిగా చేసి చూడండి.

తినే వస్తువు మీద పూత కాబట్టి ఆహార భద్రత అనుమతి వేరే. పేటెంట్ ఆగిపోయినంత మాత్రాన అది రాదు.