న్యూట్రిషన్ కోచ్ సర్టిఫికెట్‌తో షుగర్ పేషెంట్లకి డైట్ చార్ట్ ఇవ్వవచ్చా?

"నేను బీకామ్ చేశాను. ఆన్‌లైన్‌లో పన్నెండు వారాల న్యూట్రిషన్ కోచ్ కోర్సు పూర్తి చేస్తే డైటీషియన్ అని బోర్డు పెట్టుకోవచ్చా? షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి డైట్ చార్ట్ ఇస్తే చట్టపరంగా ఇబ్బంది వస్తుందా?"

డైటీషియన్ అని పెట్టుకోకండి, షుగర్ ఉన్నవాళ్లకి చార్ట్ ఇవ్వకండి. నేను ఇచ్చాను. ఏమైందో ముందు చెప్తాను, ఆ తర్వాత చట్టం సంగతి సులువుగా అర్థమవుతుంది.

ఇప్పుడు నేను ఆసుపత్రిలో డైటీషియన్‌ని. చాలా ఏళ్ల క్రితం, ఈ చదువులేవీ చదవకముందు, ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. మొదట వచ్చినవాళ్లంతా కాస్త బరువు తగ్గాలనుకునే ఆరోగ్యవంతులే. వాళ్లతో ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ధైర్యంతోనే యాభై దాటిన ఒకావిడని కూడా తీసుకున్నాను. ఆవిడకి టైప్ 2 షుగర్. పొద్దున గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ వేసుకునేది. ఆ రెండు పేర్లూ నా ఫారంలో స్పష్టంగా రాసింది. నేను చదివాను, కానీ వాటి అర్థం నాకు తెలియదు. కోర్సులో ఇచ్చిన తక్కువ పిండిపదార్థాల చార్ట్‌నే ఆవిడకీ పంపాను. పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం మొదటి భోజనం చేయాలి.

మూడో రోజు పదకొండు గంటలకి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. అమ్మకి ఒళ్లంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది అన్నాడు. మీటర్‌లో 52 చూపిస్తోంది. 70 కంటే తగ్గితేనే లో షుగర్ అంటారు. అదృష్టం కొద్దీ ఆ అబ్బాయికి ఏం చేయాలో తెలుసు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాడు, పావుగంట ఆగి చూసి మళ్లీ ఇచ్చాడు. అప్పటికి గానీ 90 దాటలేదు. వాళ్ల డాక్టరు గారు సాయంత్రం దాకా గంటగంటకీ చూస్తూ ఉండమన్నారు, ఎందుకంటే ఆ మాత్ర ప్రభావం రోజంతా ఉంటుంది.

గ్లిమిపిరైడ్ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. కడుపులో తిండి పడిందా లేదా అన్నది దానికి పట్టదు. ఆవిడ మాత్ర వేసుకుంది, తిండి నేను ఆపించాను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే ఇంత ప్రమాదం ఉండేది కాదు. ఆ తేడా తెలియడం కోసమే డైటెటిక్స్‌లో ఏళ్ల చదువు, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఈరోజు అలాంటి పేషెంటు వస్తే చార్ట్ సంగతి తర్వాత, ముందు వైద్యం చేస్తున్న డాక్టరుతో మాట్లాడతాను. పిండిపదార్థాలు తగ్గించబోతున్నాం, మాత్ర డోసు చూడండి అని చెప్తాను. క్రియాటినిన్ రిపోర్టు అడుగుతాను, ఎందుకంటే కిడ్నీ పనితీరు తగ్గితే లో షుగర్ ప్రమాదం పెరుగుతుంది. ఆ తర్వాతే కొద్దికొద్దిగా తగ్గిస్తాం. మాత్ర తగ్గించడం, ఆపడం మాత్రం ఇప్పటికీ నా చేతిలో లేదు, అది డాక్టరు పని.

చట్టాలు కూడా చాలావరకు ఇక్కడే గీత గీస్తాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మామూలు ఆహారపు అలవాట్ల గురించి చెప్పడం వేరు, జబ్బుకి మందులు వాడుతున్న మనిషికి ఆ జబ్బు కోసం ఆహారం మార్చడం వేరు. రెండోదాన్ని మెడికల్ న్యూట్రిషన్ థెరపీ అంటారు.

మన దేశంలో 2021లో నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. అందులోని వృత్తుల పట్టికలో డైటీషియన్ ఉంది, న్యూట్రిషనిస్ట్ కూడా ఉంది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలని ఆ చట్టం చెప్తుంది. ఆ తర్వాత రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. పేరు లేకుండా ఉన్నట్టు చెప్పుకుంటే శిక్ష ఉంది. పన్నెండు వారాల కోర్సు ఎంత మంచిదైనా ఆ గంటల దరిదాపుల్లోకి రాదు. ఇక్కడ చాలామంది పొరబడేది ఇంకోటుంది. ఇండియన్ డయెటెటిక్ అసోసియేషన్ పరీక్ష పెట్టి ఇచ్చే ఆర్డీ, అంటే రిజిస్టర్డ్ డైటీషియన్ అనే గుర్తింపు వృత్తి సంఘం ఇచ్చేది. దానికి ఆసుపత్రుల్లో మంచి విలువ ఉంది, నేనూ రాశాను. కానీ ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు అన్నది వేరే సంగతి, ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

వేరే దేశాల క్లయింట్లని ఆన్‌లైన్‌లో తీసుకుందామనుకుంటే ఇంకా జాగ్రత్త. బ్రిటన్‌లో డైటీషియన్ అన్న మాటకి చట్టరక్షణ ఉంది, న్యూట్రిషనిస్ట్ అన్న మాటకి లేదు. అమెరికాలో రాష్ట్రానికో రూలు. ఫ్లోరిడాలో ఒక హెల్త్ కోచ్ లైసెన్సు లేకుండా డబ్బు తీసుకుని ఆహార సలహాలు ఇస్తున్నారని ఫిర్యాదు వెళ్లింది. ఆరోగ్యశాఖ మనిషే క్లయింట్‌లా సంప్రదించి రుజువు పట్టుకుని జరిమానా వేయించారు. ఆవిడ వాక్ స్వాతంత్ర్యం కింద కోర్టుకెళ్లినా, 2022లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. ఈలోపు 2020లో ఆ రాష్ట్రం రూలు సడలించింది. ఆహారంతో చికిత్స చేయాల్సిన జబ్బుకి డాక్టరు పర్యవేక్షణలో ఉన్నవాళ్లు కాకపోతే, డైటీషియన్ అని చెప్పుకోకపోతే, లైసెన్సు లేకుండా సలహా ఇవ్వవచ్చు. కోర్సులు అమ్మేవాళ్లు ఈ తేడాలు చెప్పరు. నా కోర్సు పుస్తకం చివర్లో "జబ్బులకు చికిత్స చేయరాదు" అని ఒక పేజీ ఉంది. నా షుగర్ పేషెంటుకి అలా అయ్యాక గానీ నేను దాన్ని సరిగ్గా చదవలేదు.

మీరు అడిగిన థైరాయిడ్ కూడా అంతే. థైరాక్సిన్ మాత్ర వాడే మనిషికి "పొద్దున్నే కాల్షియం, ఐరన్ వేసుకోండి" అంటే హానిలేని సలహాలా ఉంటుంది. కానీ అవి మాత్రని ఒంటికి పట్టనివ్వవు, నాలుగు గంటల ఎడం ఉండాలి. రెండు నెలల తర్వాత టీఎస్‌హెచ్ పెరిగితే కారణం మీ చార్ట్ అని ఎవరికీ తట్టదు, డాక్టరు డోసు పెంచేస్తారు.

సర్టిఫికెట్‌తో పని లేదని నేను అనను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అలవాట్లు మార్చుకోవడంలో తోడుండటం, డైటీషియన్ రాసిచ్చిన ప్లాన్‌ని ఇంట్లో అమలు చేయించడం నిజమైన పనులే. బోర్డు మీద న్యూట్రిషన్ కోచ్ అని, కింద కోర్సు పేరు రాసుకోండి. డైటీషియన్ కావాలనే ఉంటే, బీకామ్ మీద నేరుగా ఎమ్మెస్సీ డైటెటిక్స్‌లో సాధారణంగా సీటివ్వరు, న్యూట్రిషన్ డిగ్రీ నుంచే మొదలుపెట్టాలి. నేను అలాగే చేశాను.

క్లయింట్ ఫారంలో మొదటి మూడు ప్రశ్నలు ఇవి పెట్టండి: ఏదైనా జబ్బుకి చికిత్స తీసుకుంటున్నారా, రోజూ ఏ మందులు వాడుతున్నారు, గర్భంతో ఉన్నారా. ఒక్కదానికి అవునని వచ్చినా డబ్బు తీసుకోకముందే ఇలా రాసి పంపండి: "మీ ఆహారం మీ మందులతో ముడిపడి ఉంది. ముందు మీ డాక్టరుని, రిజిస్టర్డ్ డైటీషియన్‌ని కలవండి. వాళ్లు ప్లాన్ ఇచ్చాక దాన్ని పాటించడంలో నేను సాయం చేస్తాను."