చేతిలో 8 వేలుంటే జొన్న రొట్టెలే మేలు

ప్రశ్న: మాది కర్నూలు. 8 వేలు దాచుకున్నాను. రెండు పొయ్యిల స్టవ్వు, మిక్సీ తప్ప ఏమీ లేవు. పచ్చళ్లు, స్వీట్లు, టిఫిన్లలో ఇంటి నుంచి ఏది మొదలుపెట్టమంటారు?

ఆ మూడూ వద్దండి, జొన్న రొట్టెలు పెట్టుకోండి. పచ్చళ్లకు ఎండాకాలంలోనే నూనె, కారం, కాయలు ఒక్కసారిగా కొనాలి. మీ 8 వేలూ జాడీల్లోకి పోతాయి, అమ్ముడుపోయేదాకా తిరిగి రావు. రొట్టెలకైతే పొద్దున జొన్నలు కొంటే రాత్రికి డబ్బు చేతికొస్తుంది.

ఇందులో పేరు నిలబెట్టేదీ, చెడగొట్టేదీ పిండే. మా తోడికోడలికి ఒకసారి నామకరణానికి 60 రొట్టెల ఆర్డరు వచ్చింది. టైము లేదని అంగడి నుంచి పిండి ప్యాకెట్లు తెచ్చుకుంది. తడుతుంటే అంచులన్నీ పగిలిపోతున్నాయి, పెనం మీదికి ఎత్తబోతే నడిమికి విరుగుతున్నాయి. నీళ్లు ఎక్కువ పోసినా లాభం లేకపోయింది. పక్కింటి అవ్వ వచ్చి పిండి వేళ్లతో నలిపి చూసి, "ఇది పాతదే, జిగి పోయింది" అనింది. మా మరిది పరుగున తెల్ల జొన్నలు కొని మరకు వేయించుకొచ్చాడు. మరిగే ఎసరు పోసి, రెండు మూడు రొట్టెలకు సరిపడా మాత్రమే ఒక్కోసారి కలుపుకుంటూ చేస్తే చక్కగా వచ్చాయి. గోధుమ పిండికి ఉన్న సాగుడు గుణం జొన్నకు లేదు. వేడినీళ్ల వల్ల వచ్చే జిగటే దానికి ఆధారం. అందుకే వారానికి సరిపోయేంతే మర పట్టించుకోండి.

లెక్క చెబుతాను. కిలో పిండికి 12 రొట్టెల దాకా వస్తాయి. రొట్టె 12 రూపాయల చొప్పున అమ్మితే రెండు కిలోలకు 288. జొన్నలు, మర కూలి, గ్యాసు కలిపి 170 దాకా పోతే 120 దాకా మిగులుతుంది. ఇది ఒక పూట పని. రెండు పెనాలు పెట్టినా తట్టేది మన చేతులే కాబట్టి గంటకు పాతిక మించవు. మొదట్లోనే వంద రొట్టెలు ఒప్పుకోకండి. అన్నట్టు, ఇంటి గ్యాసు సిలిండరును వ్యాపారానికి వాడకూడదు, చిన్న కమర్షియల్ సిలిండరు తీసుకోండి.

వేడి రొట్టెల్ని ప్లాస్టిక్ కవర్లో వేయొద్దు, చెమ్మ పట్టి మెత్తబడిపోతాయి. బట్టలో చుట్టివ్వండి. మిగిలినవి ఆ రాత్రే సన్న సెగ మీద కడక్‌గా కాల్చేయండి. వంచితే వంగకుండా టప్పున విరగాలి. వంగితే లోపల తడి ఉన్నట్టే, బూజు పడుతుంది. బాగా కాల్చినవి చల్లారాక డబ్బాలో పెట్టి చెనిక్కాయల పొడితో అమ్ముకోవచ్చు. స్వీట్లకూ టిఫిన్లకూ ఈ వెసులుబాటు ఎక్కడిది?

కేంద్ర ఆహార భద్రతా సంస్థ వాళ్ల FoSCoS సైటులో ఆహార రిజిస్ట్రేషన్ చేయించుకోండి. అరువు మాత్రం ఇవ్వొద్దు. పెద్ద హోటల్లో ఎంతైనా ఇచ్చేవాళ్లు మన రొట్టె దగ్గర రెండు రూపాయలకు బేరమాడి, పైగా నెలాఖరుకిస్తామంటారు. నాకు భలే కోపమొస్తుంది. 20 దాటిన ఆర్డరుకు సగం డబ్బు ముందే తీసుకున్నాకే జొన్నలు కొనండి.